ముంబైలో ఛుట్టీ, రుద్రంగిలో ఫికర్

2025 సెప్టెంబర్ 5, జుమ్మా రోజు. రుద్రంగిలో ఉండే మా ఖాలా కొడుకు, బిడ్డ కాలేజీ ఫీజు కోసం కొన్ని షేర్లు అమ్మాడు. అమ్మిన మర్నాటి పనిదినానికే లెక్క తేలాలన్న ఖాయిదా 2023 జనవరి నుంచి అన్ని షేర్లకూ ఉంది. శని, ఆదివారాలు పోను సోమవారం రఖం వస్తుందని కాలేజీలో వాదా చేశాడు. రాలేదు.

"భాయిజాన్, ధోకా అయ్యిందా?" అని ఫోన్.

"ధోకా కాదు ఛోటే, మీలాద్ ఛుట్టీ" అన్నాను.

మనకు మీలాద్ సెలవు శుక్రవారమే అయిపోయింది. మహారాష్ట్ర సర్కారు ముంబైలో దాన్ని 8వ తేదీ సోమవారానికి మార్చింది. ఆ రోజు షేర్ బజార్ నడిచింది, మన తెలంగాణ బ్యాంకులూ నడిచాయి. ముంబై బ్యాంకులు మూసి ఉండడంతో సెటిల్‌మెంట్ మాత్రం ఆగింది. శుక్రవారం అమ్మకాల హిసాబ్ మంగళవారం తేలింది. తేలిన రఖం బ్రోకర్ దగ్గరున్న ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి బ్యాంకుకు పంపమని మనమే అడగాలి. మావాడి చేతికి బుధవారం అందింది.

నా షికాయత్ ఒక్కటే. సెటిల్‌మెంట్ తారీఖు అమ్మకం అయ్యాక వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో ఉంటుంది. వాదా చేసేవాడికి అది ముందే కావాలి. అమ్మే బటన్ పక్కనే ఆ తారీఖు రాయాలి. అప్పటిదాకా యాప్‌లో కనిపించే మొత్తం కాదు, విత్‌డ్రా చేసుకోగల రఖం చూడండి. తారీఖు దాటినా అది పెరగకపోతే, అప్పుడు బ్రోకర్‌ను నిలదీయండి.