డబ్బు జాడ: స్విఫ్ట్‌కు తెలిసి మన యూటీఆర్‌కు తెలియనిది

డల్లాస్‌లో ఉన్న కొడుకు గుంటూరులో ఉన్న తండ్రికి 5,000 డాలర్లు వైర్ చేశాడనుకుందాం. అతని ఖాతా ఉన్నది చిన్న బ్యాంకులో. దానికి మన బ్యాంకులతో నేరుగా లెక్కలు లేవు. అందుకని డబ్బు ముందు న్యూయార్క్‌లోని ఒక పెద్ద బ్యాంకుకు వెళ్తుంది, అక్కడి నుంచి మన బ్యాంకు వారి విదేశీ చెల్లింపుల విభాగానికి వస్తుంది, ఆ తర్వాతే గుంటూరు ఖాతాలో పడుతుంది. నాలుగు రోజులైనా పడలేదు. అక్కడ అడిగితే ‘పంపేశాం’ అంటారు, ఇక్కడ అడిగితే ‘మాకేం రాలేదు’ అంటారు.

పదేళ్ల కిందట ఈ రెండు మాటల మధ్య చిక్కుకున్న డబ్బును వెతకడం పెద్ద ప్రయాస. స్విఫ్ట్ సందేశంలో :20: అనే గడిలో పంపే బ్యాంకు తన రిఫరెన్స్ నంబర్ వేసేది. దారిలో ఉన్న బ్యాంకు ఆ సందేశాన్ని ముందుకు పంపేటప్పుడు అదే గడిలో తన సొంత నంబర్ వేసుకునేది. డబ్బు ఒకటే అయినా బ్యాంకు మారినప్పుడల్లా నంబర్ మారిపోయేది. డల్లాస్ నంబర్ పట్టుకుని గుంటూరులో అడిగితే ఎవరికీ ఏమీ దొరికేది కాదు. వెతకాలంటే డల్లాస్ బ్యాంకు న్యూయార్క్‌కు రాయాలి, న్యూయార్క్ మన బ్యాంకుకు రాయాలి, జవాబు అదే దారిలో వెనక్కి రావాలి.

2017లో స్విఫ్ట్ తెచ్చిన జీపీఐ పద్ధతి దీన్ని మార్చింది. పంపే బ్యాంకు ఆ చెల్లింపుకు యూఈటీఆర్ అనే 36 అక్షరాల గుర్తును తగిలిస్తుంది. అది చూడ్డానికి ఇలా ఉంటుంది:

```
7c1e94b2-5d30-4a8f-9b16-e20d4f83a7c5
```

దీన్ని ఎంతసేపు చూసినా ఏ బ్యాంకుదో, ఏ తేదీదో తెలియదు. కానీ దారిలో ఎవరూ దీన్ని మార్చకూడదు. 2018 నవంబర్ నుంచి స్విఫ్ట్‌లో వెళ్లే ప్రతి చెల్లింపు సందేశంలో ఇది ఉండి తీరాలి. నా దృష్టిలో దీనికన్నా ముఖ్యమైన మార్పు 2020 చివర్లో వచ్చింది. డబ్బు అందుకున్న చివరి బ్యాంకు దాన్ని ఖాతాలో వేసిందా, ఆపిందా, తిప్పి పంపిందా అన్న సంగతిని ఉమ్మడి ట్రాకర్‌కు చెప్పి తీరాలన్నారు. అంటే నంబర్ ఇవ్వడంతో పని అయిపోలేదు, ఆ నంబర్‌కు జవాబు చెప్పే బాధ్యత కూడా ఒకరి మీద పెట్టారు.

మన డల్లాస్ కొడుకు తన బ్యాంకును యూఈటీఆర్ అడిగి తీసుకున్నాడు. వాళ్లు ట్రాకర్ తెరిస్తే ACSP, దాని పక్కన G003 అని కనిపించింది. ACSP అంటే పని ఇంకా నడుస్తోందని. G003 అంటే డబ్బు అందుకోవాల్సిన వ్యక్తి నుంచి కాగితాలు రావాలని చివరి బ్యాంకు ఆగిందని. అంటే డబ్బు న్యూయార్క్ దాటి మన దేశంలో ఉంది. తండ్రి ఆ 36 అక్షరాలను బ్రాంచిలో ఇచ్చి, విదేశీ చెల్లింపుల విభాగాన్ని అడగమన్నాడు. డబ్బు దేనికోసం వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ లేక ఆగిందని తేలింది. కుటుంబ ఖర్చులకని రాసిచ్చాక స్థితి ACCC అయింది, అంటే ఖాతాలో పడిందని. న్యూయార్క్ బ్యాంకు దారిలో ఎన్ని డాలర్లు కోసుకుందో కూడా అదే ట్రాకర్‌లో కనపడుతుంది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. గుంటూరు నుంచి హైదరాబాద్‌లో ఉన్న ఒకరి ఖాతాకు, వేరే బ్యాంకుకు, మూడు లక్షలు ఆర్టీజీఎస్ చేస్తే యూటీఆర్ ఇలా వస్తుంది (బ్యాంకు అక్షరాలు నేను కల్పించినవి):

```
ABCDR52025071600012345
```

ఇది యూఈటీఆర్‌లా మూగది కాదు. మొదటి నాలుగు అక్షరాలు పంపిన బ్యాంకువి. R అంటే ఆర్టీజీఎస్. తర్వాతి అంకె ఏ మార్గంలో పంపారో చెబుతుంది. ఆ పైన 2025 జూలై 16 తేదీ, చివరి ఎనిమిది అంకెలు వరుస సంఖ్య. మొత్తం 22. ‘నిన్న పంపాను’ అని వాట్సాప్‌లో పెట్టినవాడి నంబర్‌లో తేదీ నిన్నటిదో కాదో మనమే చూసుకోవచ్చు. నెఫ్ట్‌కు వచ్చే యూటీఆర్ 16 అక్షరాలది. ఐఎంపీఎస్, యూపీఐలకు వచ్చేది 12 అంకెల రిఫరెన్స్. యాప్‌లో దాని పక్కనే కనిపించే ట్రాన్సాక్షన్ ఐడీ ఆ యాప్ సొంత నంబర్ కావచ్చు. అవతలి బ్యాంకులో అది చెల్లదు.

మన నంబర్‌కు జవాబు చెప్పే నిబంధన అసలు లేదనడం అన్యాయం. ఖాతాలో వేసినట్టు అవతలి బ్యాంకు ఇవతలి బ్యాంకుకు తెలపాలి, ఇవతలి బ్యాంకు పంపినవాడికి ఎస్సెమ్మెస్ ఇవ్వాలి అని నెఫ్ట్‌కు చాలాకాలంగా ఉంది. ఆర్టీజీఎస్‌కూ 2018 నవంబర్‌లోనే రిజర్వ్ బ్యాంకు ఈ ఏర్పాటు తెచ్చింది. తేడా ఎక్కడంటే, ఆ జవాబు బ్యాంకుల మధ్యే తిరుగుతుంది, మనకు ఒక్క ఎస్సెమ్మెస్ దక్కుతుంది. అది రాకపోతే ఎందుకు రాలేదో చూసే తెర కౌంటర్‌లో చాలాచోట్ల కనబడదు. ‘సక్సెస్’ అని రసీదు ముద్రించి ఇస్తారు. అది డబ్బు ఇక్కడి నుంచి బయల్దేరిందనడానికి రుజువు, చేరిందనడానికి కాదు.

కాబట్టి ప్రశ్న మార్చాలి. పంపిన బ్యాంకులో ‘డబ్బు వెళ్లిందా’ అని కాదు, ‘ఈ యూటీఆర్‌కు అవతలి బ్యాంకు నుంచి క్రెడిట్ కన్ఫర్మేషన్ వచ్చిందా, లేక రిటర్న్ వచ్చిందా’ అని అడగాలి. ఆర్టీజీఎస్‌లో అవతలి బ్యాంకు సందేశం అందిన అరగంటలో ఖాతాలో వేయాలి, వేయలేకపోతే గంటలోగా తిప్పి పంపాలి. నెఫ్ట్‌లో బ్యాచ్ సెటిలయ్యాక రెండు గంటలు. ఈ గడువు దాటినా రెండూ రాలేదంటే, డబ్బు ఎక్కువగా అవతలి బ్యాంకు సస్పెన్స్ ఖాతాలో కూర్చుని ఉంటుంది. ఖాతా స్తంభించిపోయి ఉండొచ్చు, కేవైసీ ఆగి ఉండొచ్చు. అప్పుడు వెళ్లాల్సింది డబ్బు అందుకోవాల్సిన మనిషి, తన సొంత బ్రాంచికి, యూటీఆర్, తేదీ, మొత్తం రాసుకుని. నెఫ్ట్‌లో ఆలస్యమైన రోజులకు రెపో రేటు మీద రెండు శాతం కలిపి వడ్డీ ఇవ్వాలని నిబంధన ఉంది. అడగనిదే ఇస్తారన్న భరోసా నాకు లేదు.

యూటీఆర్ అయినా యూఈటీఆర్ అయినా ఒక చోట చేతులెత్తేస్తాయి. ఖాతా నంబర్‌లో ఒక అంకె తప్పు పడి, ఆ నంబర్‌తో నిజంగానే మరొకరి ఖాతా ఉంటే, డబ్బు అక్కడ పడిపోతుంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో ఖాతా నంబర్ చూసే వేస్తారు, పేరు సరిపోల్చరు. నంబర్ చూపేది ‘చేరింది’ అనే. ఎవరికి చేరిందో తెలిసినా, అతను ఒప్పుకోనిదే బ్యాంకు తనంతట తాను వెనక్కి తీసుకోలేదు. 2025 ఏప్రిల్ నుంచి పంపే ముందే అవతలి ఖాతాదారు పేరు చూపించే సదుపాయం బ్యాంకులు ఇవ్వాలన్నది అందుకే.

స్విఫ్ట్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది కొత్త నంబర్ కాదు, ఉన్న యూటీఆర్ కొట్టగానే వెళ్లిందో, ఆగిందో, చేరిందో ఇద్దరు ఖాతాదారులకూ కనిపించే తెర. అది వచ్చేలోగా ఫిర్యాదును యూటీఆర్‌తో సహా రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.