టీబీ గోళీల కాయితం: "ఏం కాదు, వేస్కో" అనుడు ఇగ బంద్ చేద్దాం



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మన తండాల్లో, గూడేల్లో ఎవరికైనా టీబీ అని తేలితే, ఇంటోళ్లు గోళీలు పట్టుకొని సదువుకున్న పిల్లల దగ్గరికే వస్తరు. "దీని మీద ఏమున్నదో చెప్పు బిడ్డా" అంటరు. మందుల షాపుల కొన్న డబ్బాల ఉండే కాయితం ఇంగ్లీషులో ఉంటది, అది డాక్టర్ల కోసం రాసింది. దాన్ని లంబాడీలోకో, గోండిలోకో, ఇంటి తెలుగులోకో మార్చి చెప్పే పని మన మీద పడుతది. ఆ పని మనలో చాలామంది రెండు తీర్ల చేస్తున్నరు. రెండూ తప్పే అని మేము అంటున్నం.

మొదటి తీరు: "ఏం కాదు, వేస్కో." చెప్తే భయపడి మానేస్తరు, అందుకే చెప్పొద్దు అని కొందరి వాదన. రెండో తీరు: కాయితంల ఉన్నదంతా వరుసగ సదివి "దుష్ప్రభావాలు" అని ఇరవై పేర్లు చెప్పుడు. 'దుష్' అన్న ముక్క వినంగనే ముసలవ్వకు దుష్టశక్తి గుర్తుకొస్తది. ఆ పేర్లల్ల ఏది మామూలో, ఏది ప్రాణం మీదికి వచ్చేదో ఆమెకు తెల్వదు.

మొదటి తీరుతోని ఏమైతదో చూడుండ్రి. టీబీ మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన గోళీ, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. అందులో రిఫాంపిసిన్ అనే మందు వేసుకున్న కొన్ని గంటలకే మూత్రం నారింజ రంగుల, ఒక్కోసారి ఎర్రగ వస్తది. చెమట, కన్నీళ్లు కూడా రంగు మారొచ్చు. ఇది మందు రంగే, దీనితో నష్టం లేదు. కానీ ముందుగల్ల చెప్పకపోతే ఇంట్లో ఏమంటరు? "నెత్తురు పడుతున్నది", "గోళీలు వేడి చేసినయి" అంటరు. మూడో రోజుకే స్ట్రిప్పు గూట్లకు పోతది. మధ్యలో మానేసిన టీబీ మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉన్నది. అది వచ్చినోళ్లకు వేరే మందులు, ఎక్కువ కష్టం. ఆ టీబీ ఇంట్లో పిల్లలకు కూడా అంటుతది. "భయపడతరని చెప్పలే" అన్నోళ్లే ఇక్కడ ఆ భయాన్ని పుట్టించినోళ్లు.

ఇంతకన్న పెద్ద చిక్కు ఇంకొకటి ఉన్నది. అవే గోళీలు కొందరికి కార్జాన్ని దెబ్బతీస్తయి. ఇంగ్లీషు కాయితంల దీనికి 'హెపటోటాక్సిసిటీ' అని ఉంటది. పుస్తకం తెలుగులో 'కాలేయ విషత్వం' అంటరు. ఆ మాట ఎవరికి అర్థమైతది? అర్థమైనంత మేర 'విషం' అనే వినపడుతది. "కార్జం దెబ్బతినొచ్చు, కామెర్లు రావొచ్చు" అంటే అందరికీ తెలుసు. కానీ కామెర్లల్ల కూడా మూత్రం రంగు మారుతది. మరి మందు రంగేదో, కామెర్ల రంగేదో ఇంటోళ్లు ఎట్ల గుర్తుపట్టాలె? అనువాదం చేసేటోళ్లు ముందుగల్ల జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇదే. కాయితంల ఇది ఒక్కకాడ ఉండదు. రంగు సంగతి ఒకకాడ, కామెర్ల సంగతి ఇంకోకాడ ఉంటయి.

మేము ఇట్ల చెప్పాలె అంటున్నం: "గోళీ వేసుకున్న రోజు మూత్రం నారింజ రంగుల వస్తది. మొదటి రోజు నుంచే వస్తది, గోళీ వేసుకున్నంక కొన్ని గంటలు ఎక్కువ ఉంటది, తర్వాత పల్చబడుతది. ఆకలి మామూలుగనే ఉంటది, కండ్లు తెల్లగనే ఉంటయి. దీనికి గోళీ ఆపొద్దు. కానీ కండ్లల్ల తెల్లగుడ్డు పచ్చబడినా, అన్నం సూస్తనే వాంతికొచ్చినా, వాంతులు ఆగకపోయినా, కుడిపక్క డొక్క కింద నొప్పి లేసినా, మూత్రం దినమంతా డికాషిన్ లెక్క నల్లగ వచ్చినా, ఇగ గోళీ వేసుకోకుండ అదే రోజు దవాఖానకు పోవాలె." మొదట్ల కొంచెం కడుపుల తిప్పుడు చాలామందికి ఉంటది, అది దవాఖానలో చెప్పి సర్దుకోవచ్చు. పైన చెప్పిన గుర్తులు వేరు. అప్పుడు రక్తపరీక్ష చేసి, కార్జం కుదురుకున్నంక డాక్టర్లే మందులు ఒక్కొక్కటి మళ్లీ మొదలుపెడతరు. సొంతంగ మొదలుపెట్టొద్దు. కామెర్లని పసరు మందుకు తీసుకపోయి వారం పోగొడితే, గోళీ నడుస్తనే ఉంటే, కార్జం మొత్తం పోవచ్చు. గుడుంబా, సారా తాగేటోళ్లకు ఈ ముప్పు ఎక్కువ. సిగ్గు పడకుండ ఆ మాట కూడా చెప్పాలె.

సిగ్గు అంటే యాదికొచ్చింది. రిఫాంపిసిన్ గర్భనిరోధక గోళీల బలం తగ్గిస్తది. మాల-ఎన్ వాడే ఆడబిడ్డ టీబీ మందు మొదలుపెడితే, అది పనిచేస్తలేదని తెల్వకుండనే గర్భం రావొచ్చు. మగపిలగాడు అక్కకు ఈ మాట చెప్పలేక ఎగవెడతడు. అప్పుడు ఆశా అక్కతోనో, హాస్టల్ల సదివే ఆడపిల్లతోనో చెప్పించాలె. కాపర్-టీ, కండోమ్ లాంటి వేరే దారి ఏఎన్ఎం చెప్తరు. చెప్పకుండ వదిలేసుడు మర్యాద కాదు, నష్టం.

ఇగ లెక్కల సంగతి. యూరప్ నియమాల ప్రకారం కాయితంల 'కామన్' అని ఉంటే 100 మందిలో 1 నుంచి 10 మంది లోపు అని. 'రేర్' అంటే 1000 మందిలో ఒకరికన్న తక్కువ. మనం 'కామన్'ను "సాధారణంగా వస్తుంది" అని మార్చంగనే వినేటోళ్లకు "నాకు వచ్చుడు ఖాయం" అని అర్థమైతది. అందుకే మాటకు బదులు మనుషులను లెక్కపెట్టి చెప్పుండ్రి: "వంద మంది వేసుకుంటే పది మంది లోపు వస్తది, మిగిలిన తొంభై మందికి పైగా రాదు." రెండు దిక్కులూ చెప్పాలె. మన దగ్గర చాలా కాయితాలల్ల లెక్క ఉండదు, పేర్లే ఉంటయి. అసొంటప్పుడు సొంతంగ లెక్క పుట్టించొద్దు. "కొందరికి" అని, ఏం గుర్తు చూసుకోవాలె, ఏం చేయాలె అన్నదే చెప్పాలె.

"గిరిజనులకు ఇంత వివరంగ చెప్తే తట్టుకోలేరు" అనేటోళ్లకు ఒక మాట. 2009లో ఖమ్మం జిల్లాల 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు పాథ్, ఐసీఎంఆర్ కలిసి హెచ్‌పీవీ టీకా పథకం నడిపినయి. ఆశ్రమ హాస్టళ్ల పిల్లల అనుమతి కాయితాల మీద చాలాకాడ తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిండ్రు. 2010 ఏప్రిల్‌ల పథకం ఆపిండ్రు. 2013ల పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగ తప్పుపట్టింది. కొందరు పిల్లలు చనిపోతే, ఆ చావులకు టీకా కారణమయ్యే అవకాశం తక్కువని విచారణ తేల్చింది. అయినా మనోళ్లల్ల అనుమానం మిగిలింది. ఎందుకంటే ముందుగల్ల ఎవరూ ఇంటికొచ్చి చెప్పలే. దాచిపెడితే మంచి మందు మీద కూడా నమ్మకం పోతది.

జగిత్యాలల, సిరిసిల్లల ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నయి. మేము అడిగేది ఇది: టీబీ గోళీలతోపాటు ఒకే పేజీల తెలుగు కాయితం ఇయ్యాలె. అందులో మూడు వరుసలే ఉండాలె. ఒకటి, వస్తే భయపడొద్దు, గోళీ ఆపొద్దు (మూత్రం రంగు). రెండు, గోళీ ఆపకుండ వచ్చి చెప్పండి (కాళ్లల్ల తిమ్మిర్లు, కీళ్లనొప్పులు, తిమ్మిర్లకు విటమిన్ బి6 ఇస్తరు). మూడు, ఆపి అదే రోజు రండి (కామెర్లు, ఒళ్లంతా దద్దులు, చూపు మసకబారుడు). ఈ చూపు సంగతి ఇథాంబ్యుటాల్ మందుది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తగ్గిపోతది. వారానికోసారి ఒక కన్ను మూసి పండుమిరపకాయ, పచ్చిమిరపకాయ పక్కపక్కన పెట్టి చూసుకోమని చెప్పొచ్చు. అది డాక్టరు చేసే కంటిపరీక్షకు బదులు కాదు, తొందరగ తెలుసుకునే దారి మాత్రమే.

ఆ కాయితం వచ్చేదాక ఈ మూడు వరుసలను మనమే లంబాడీలో, గోండిలో, కోయలో మన నోటితో చెప్పాలె. చెప్పినంక "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ తలకాయ ఊపుతరు. "అవ్వా, కండ్లు పచ్చబడితే ఏం చేస్తవ్?" అని అడుగుండ్రి. జవాబు తప్పైతే మన అనువాదమే తప్పు. మళ్లీ చెప్పాలె.