నగలు మనవి, లెక్క మాత్రం వాళ్ళదా?

"వడ్డీ సిస్టమే వేస్తుందమ్మా, మా చేతుల్లో ఏముంటుంది?" గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర ఈ మాట వినని ఇల్లాలు ఉంటే చెయ్యెత్తండి. సిస్టమ్‌కి తేదీలు చెప్పేది మనిషే కదా! ఆ తేదీల్లోనే మన డబ్బు పోతుంది.

ఆమధ్య మా ఇంటి అవసరానికి నా నగలు పెట్టి 3 లక్షలు తీసుకున్నాం. ఏడాదికి 9 శాతం, అంటే మన లెక్కలో నూటికి ముప్పావలా వడ్డీ. ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తున్నాం. జూన్ 11న లక్ష అసలు కూడా కట్టేశాం. నెలాఖరుకి వడ్డీ 2,219.18 పడింది. ముప్పావలా చొప్పున 3 లక్షలకు నెలకి సుమారు 2,250, 2 లక్షలకు 1,500. నెల మధ్యలో లక్ష తగ్గితే వడ్డీ ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉండాలి. పైదానికే అంటుకుని ఉందంటే, కట్టిన లక్షని ఆ నెల లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

అనుమానం నోటితో చెబితే "చూస్తాం" అంటారు, అక్కడితో సరి. అందుకే ఉత్తరం. అది కూడా "సవినయంగా మనవి చేసుకొనునది, వడ్డీ అధికముగా పడినట్లున్నది, దయతో పరిశీలించగలరు" అని కాదు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, అర్జీల భాష నాకూ వచ్చు. కానీ దయ అడిగితే దయ చూపించనక్కర్లేదు. లెక్క అడిగితే లెక్కే చూపించాలి.

లెక్క కష్టమేమీ కాదు. బాకీ ఎంతో, అది ఎన్ని రోజులు ఉందో, రేటు ఎంతో, ఈ మూడూ గుణించి 36,500తో భాగించడమే. జూన్ 1 నుంచి 10 దాకా 3 లక్షల మీద 10 రోజులు: 739.73. 11 నుంచి 30 దాకా 2 లక్షల మీద 20 రోజులు: 986.30. రెండూ కలిపితే 1,726.03. బ్యాంకు వేసింది 2,219.18. ఎక్కువ పడింది 493.15. సరిగ్గా లక్ష మీద 20 రోజుల వడ్డీ! కట్టిన రోజు నుంచే బాకీ తగ్గినట్టు లెక్క కట్టాలి. రేటు మధ్యలో మారితే మాత్రం మారిన తేదీ దగ్గర నెలని ఇలాగే రెండు ముక్కలు చేసుకోవాలి.

ఒకటి దొరికాక మొదటి నుంచీ తిరగేశాను. మే నెల సరిగ్గానే ఉంది. ఏప్రిల్‌లో మాత్రం లోన్ ఖాతాలో అప్పు 3వ తేదీన రాశారు, నా పొదుపు ఖాతా పాస్‌బుక్‌లో డబ్బు పడింది 8న. చేతికి రాని డబ్బుకి 5 రోజుల వడ్డీ, 369.86. ఇది మన ఊళ్ళో మాత్రమే జరిగే వింత కాదండోయ్. అప్పు మంజూరైన రోజు నుంచి వడ్డీ వేయడం, నెల మధ్యలో కట్టినా నెలంతటికీ వడ్డీ వేయడం కొన్ని సంస్థల్లో చూశామని రిజర్వు బ్యాంకే 2024 ఏప్రిల్ 29న సర్క్యులర్ ఇచ్చింది. అలాంటివి మానుకోవాలని చెప్పింది. ఉత్తరంలో ఆ తేదీ వేశాను.

అందులో రాసింది ఇంతే: ఖాతా నంబరు, రెండు నెలల ఎంట్రీలు స్టేట్‌మెంట్‌లో ఉన్నట్టే, పక్కనే నా లెక్క, తేడా. "మొత్తం రూ. 863.01 నా ఖాతాకి జమ చేయండి. నా లెక్క తప్పయితే ఏ తేదీ దగ్గర తప్పో రాతపూర్వకంగా చెప్పండి." పాస్‌బుక్ పేజీ, స్టేట్‌మెంట్ జిరాక్సులు జతచేసి, నా కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకున్నాను. ఆ స్టాంపు లేకపోతే ఉత్తరం ఇచ్చినట్టే కాదు.

"ఎనిమిది వందల కోసం ఇంత గొడవా?" అని ఇంట్లోనూ అన్నారు, అక్కడా అన్నారు. కూరగాయల బండి దగ్గర పది రూపాయలు బేరమాడితే గృహిణి పొదుపరి, బ్యాంకులో ఎనిమిది వందలు అడిగితే గొడవమనిషా? నాలాగే అసలు మధ్యలో కట్టేవాళ్ళు ఆ బ్రాంచిలో ఇంకెంతమంది ఉంటారో!

తొమ్మిదో రోజున జూన్ తాలూకు 493.15 జమ అయింది. సంజాయిషీ లేదు, సారీ లేదు. ఏప్రిల్ 369.86 గురించి ఉలుకూ పలుకూ లేదు. ఉత్తరం ఇచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుమేమీ లేదు. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. స్టాంపు వేసిన కాపీ బీరువాలో, నగల పెట్టె ఉండే చోటే పెట్టాను.