ఇన్‌స్టాలో Less పెట్టినా పాశమైలారం వీడియో పిల్లల కంట ఎలా పడుతుంది?

2025 జూన్ 30 ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. శవాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉండటంతో డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తమవాళ్ల కబురు కోసం బంధువులు పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర పడిగాపులు కాశారు. ఇలాంటి రోజుల్లో చేతిలో ఫోన్ ఉన్న పిల్లలు ఏం చూస్తున్నారో ఇంట్లో పెద్దలకు తెలీదు. ‘‘సెట్టింగ్ పెట్టాం కదా, ఏమీ రాదులే’’ అని చాలామంది అనుకుంటారు. ఆ సెట్టింగ్ ఎక్కడివరకు పనిచేస్తుందో చూద్దాం.

ఇన్‌స్టాగ్రామ్‌లో Content preferences లోకి వెళితే Sensitive content అని ఉంటుంది. అందులో Less, Standard, More అని మూడు మెట్లు. 2021 జూలైలో ఇది వచ్చినప్పుడు ఎక్స్‌ప్లోర్ పేజీకి మాత్రమే వర్తించేది. 2022లో సెర్చ్, రీల్స్, హ్యాష్‌ట్యాగ్ పేజీలు, ఫీడ్‌లో మధ్యమధ్య వచ్చే సిఫారసు పోస్టులకు కూడా విస్తరించారు. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఇవన్నీ మనం ఫాలో అవ్వని వాళ్ల పోస్టుల్ని కంపెనీ తనంతట తాను మన ముందు పెట్టే చోట్లు. నియమాలు దాటిన పోస్టునైతే కంపెనీ అందరికీ తీసేస్తుంది. నియమాలు దాటకపోయినా కొందరికి ఇబ్బంది కలిగించేవి, కొట్లాట దృశ్యాల్లాంటివి, సైట్‌లోనే ఉంటాయి. Less పెడితే వాటిని మనకు సిఫారసు చేయడం తగ్గుతుంది. తగ్గుతుంది అంతే, పూర్తిగా ఆగదు. ఆ పేరు కూడా అదే చెబుతోంది.

ఇస్నాపూర్‌లో ఒక ఇల్లు అనుకుందాం. అబ్బా నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడు. పద్నాలుగేళ్ల అబ్బాయి ఆయన ఫోన్ తీసుకున్నాడు. అందులో Less పెట్టే ఉంది. రీల్స్ తిప్పితే పేలుడు వీడియోలు పెద్దగా రాలేదు. కానీ అబ్బా ఓ లోకల్ న్యూస్ పేజీని ఫాలో అవుతున్నాడు. కాలిన శరీరాల వీడియో ఆ పేజీ పెడితే ఫీడ్‌లోకి నేరుగా వస్తుంది. ఫాలో అయ్యేవాళ్ల పోస్టుల్ని ఈ సెట్టింగ్ ముట్టుకోదు. మరీ ఘోరమైన దృశ్యమైతే పైన ఒక హెచ్చరిక తెర రావచ్చు, ఒక్కసారి నొక్కితే అదీ తొలగిపోతుంది. డ్యూటీ దోస్తు మెసేజ్‌లో పంపిన రీల్ కూడా అంతే, అది సిఫారసు కాదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు.

ఇక్కడ అసలు తేడా ఖాతా ఎవరిదన్నదే. సెట్టింగ్ ఫోన్‌కు కాదు, ఖాతాకు. పిల్లవాడు తన నిజమైన పుట్టిన తేదీతో ఖాతా తెరిస్తే అది టీన్ ఖాతా అవుతుంది. మన దేశంలో ఇవి 2025 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. అందులో సెన్సిటివ్ పోస్టుల కట్టడి దానంతట అదే ఉంటుంది, పదహారు లోపు వాళ్లు దాన్ని సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పంపలేరు. అబ్బా ఖాతాలోకి వెళ్లిన అబ్బాయికి ఇవేవీ వర్తించవు. వయసు పెంచి రాసుకున్నవాడికీ అంతే.

పోనీ, సిఫారసుల వరకైనా గ్యారంటీ ఉందా అంటే అదీ లేదు. అదే 2025 ఫిబ్రవరి చివర్లో ప్రపంచవ్యాప్తంగా చాలామంది రీల్స్‌లోకి హత్యలు, ఘోర ప్రమాదాల వీడియోలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. Less పెట్టుకున్నవాళ్లకూ కనిపించాయి. సిఫారసు చేయకూడనివి పొరపాటున వెళ్లాయని, సరిచేశామని మెటా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అలా వరుసగా రెండు మూడు ఘోరాలు కనబడితే పిల్లవాడు ఏదో వెతికాడని అనుమానించేముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకోటి చాలామంది గమనించనిది. ఈ జల్లెడ పట్టేది దృశ్యాన్ని, నిజానిజాల్ని కాదు. ‘‘లోపల ఇంకా రెండొందల మంది ఉన్నారంట, దాస్తున్నారు’’ అని ఎవడో ప్రశాంతంగా మాట్లాడిన రీల్‌లో రక్తం లేదు, నగ్నత్వం లేదు. కాబట్టి ఈ సెట్టింగ్ దృష్టిలో అది సెన్సిటివ్ కాదు. ఒక ప్రమాదాన్ని ఫలానా మతంవాళ్ల మీదకు నెట్టే మాటైనా, బూతు లేకుండా సాఫీగా చెబితే దీనికి చిక్కకపోవచ్చు. అలాంటిది కనబడితే రిపోర్ట్ కొట్టడమే దారి, అది వేరే వ్యవస్థ.

మన ఇళ్లల్లో ఎక్కువ వీడియోలు వచ్చేది మాత్రం వాట్సాప్ గ్రూపుల నుంచి. మెసేజ్‌లో ఏముందో వాట్సాప్‌కే కనబడదు, తాళం రెండు చివర్లలోనే ఉంటుంది. అందుకే అక్కడ ఇలాంటి జల్లెడ లేదు. ఖాందాన్ గ్రూపులో చాచా పంపింది అడక్కుండానే డౌన్‌లోడ్ అయి గ్యాలరీలో కూర్చోవచ్చు, గ్యాలరీ తెరిచినవాడికి కనబడుతుంది. Storage and data లో Media auto-download కింద వీడియోలు ఆపేస్తే, Chats లో Media visibility తీసేస్తే, వీడియో నొక్కితేనే దిగుతుంది, గ్యాలరీలో చేరదు. గ్రూపు తెరిచి నొక్కేవాడిని మాత్రం ఇది కూడా ఆపదు.