నామవాచకాల కింద గీతలు గీస్తే ఈఆర్ డయాగ్రామ్ రాదు

డీబీఎంఎస్ పరీక్షకు చదివే విద్యార్థి చేతికి దాదాపు ప్రతిచోటా ఒకే సూత్రం అందుతుంది. కేస్ స్టడీలో నామవాచకాల కింద గీత గీయాలి, అవి ఎంటిటీలు. క్రియల చుట్టూ సున్నా చుట్టాలి, అవి రిలేషన్‌షిప్‌లు. మిగిలిన వివరాలు ఆట్రిబ్యూట్లు. గైడ్లలోనూ ట్యుటోరియల్ తరగతుల్లోనూ దీన్నే పద్ధతిగా నేర్పుతున్నారు. ఇది పద్ధతి కాదనీ, కేస్ స్టడీలో అసలు చూడాల్సిన దాని మీదనుంచి విద్యార్థి చూపును మళ్లించే అలవాటనీ నా వాదన.

దీనిలోని లోపం మౌలికమైనది. ఒకే విషయాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. “సభ్యుడు పుస్తకం తీసుకుంటాడు” అనవచ్చు. “ప్రతి ఇష్యూకూ ఒక సభ్యుడు, ఒక పుస్తకం, ఒక తేదీ ఉంటాయి” అని కూడా అనవచ్చు. గ్రంథాలయంలో జరిగేది రెండింటిలోనూ ఒకటే. అయినా ఈ సూత్రం ప్రకారం మొదటి వాక్యానికి డైమండ్ గీయాలి, రెండోదానికి బాక్స్ గీయాలి. ప్రశ్నపత్రం రాసినవారి వాక్యశైలిని బట్టి డేటాబేస్ మారిపోతుందంటే, ఆ సూత్రం డేటా గురించి చెబుతున్నది ఏమీ లేదన్నమాట.

పరీక్షల్లో తరచుగా కనిపించే గ్రంథాలయం ప్రశ్ననే తీసుకుందాం. “పట్టణ గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఐఎస్‌బీఎన్, శీర్షిక ఉంటాయి. ఒక పుస్తకానికి అనేక కాపీలు ఉండవచ్చు. ఒక్కో కాపీకి గ్రంథాలయం మొత్తంలో వేరే దేనికీ లేని యాక్సెషన్ నంబరు ఉంటుంది. సభ్యులు పుస్తకాలు తీసుకుంటారు. ఒక సభ్యుడి దగ్గర ఒకేసారి మూడింటికి మించి ఉండకూడదు. ఎవరు ఏది ఎప్పుడు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో పాత వివరాలన్నీ ఉంచాలి. కాపీలన్నీ బయట ఉంటే సభ్యులు పుస్తకాన్ని రిజర్వ్ చేసుకోవచ్చు. పుస్తకం చేతికందగానే ఆ రిజర్వేషన్ తీసేస్తారు.”

గీతలు గీసే విద్యార్థి మొదట గ్రంథాలయానికి ఒక బాక్స్ గీస్తాడు. అది నామవాచకమే. కానీ ఉన్నది ఒక్క గ్రంథాలయం. ఆ టేబుల్‌లో ఎప్పటికీ ఒకే వరస ఉంటుంది, దాన్ని వేరొకదానినుంచి విడిగా గుర్తించాల్సిన అవసరమే రాదు. కాబట్టి ఆ బాక్స్ అక్కర్లేదు. ఇది చిన్న తప్పు.

పెద్ద తప్పు తర్వాత వస్తుంది. ప్రశ్నలో “పుస్తకాలు తీసుకుంటారు”, “పుస్తకాన్ని రిజర్వ్ చేసుకోవచ్చు” అని ఉంది. రెండు వాక్యాల్లోనూ కర్త సభ్యుడు, కర్మ పుస్తకం. గీతల సూత్రం రెండు డైమండ్లనూ పుస్తకానికే కలుపుతుంది. కానీ సభ్యుడు ఇంటికి తీసుకెళ్లేది ఒక నిర్దిష్టమైన కాపీని. అది తిరిగి రాకపోతే ఏ యాక్సెషన్ నంబరు పోయిందో తెలియాలి. రిజర్వ్ చేసుకునేవారికి మాత్రం ఏ కాపీ అయినా ఒకటే. అందుకని ఇష్యూ కాపీకి కలవాలి, రిజర్వేషన్ పుస్తకానికి కలవాలి. ఈ తేడా వాక్యాల్లో ఎక్కడా లేదు, పనిలో ఉంది.

ఇక సభ్యుడికీ కాపీకీ మధ్య డైమండ్ గీసి, తేదీలను దానికి తగిలించి, ఎం-ఎన్ అని రాశాడనుకుందాం. చూడటానికి సరిగానే ఉంటుంది. దాన్ని టేబుల్‌గా మారిస్తే కీ ఇలా వస్తుంది:

```
PRIMARY KEY (member_no, acc_no)
```

ఇప్పుడు 12వ నంబరు సభ్యురాలు 4051 నంబరు కాపీని జూన్‌లో తీసుకుని ఇచ్చేసి, ఆగస్టులో మళ్లీ అదే కాపీ తీసుకున్నదని రెండు వరసలు రాసి చూడండి. కీ రెండింటికీ ఒకటే కాబట్టి రెండో వరస లోపలికి పోదు. రిలేషన్‌షిప్‌లో ఒక జంట ఒక్కసారే ఉండగలదు. పాత వివరాలన్నీ ఉంచమన్నది ప్రశ్న. కాబట్టి ఇష్యూ సొంత నంబరు గల ఎంటిటీ కావాలి. ప్రతి ఇష్యూ ఒకే సభ్యుడికీ, ఒకే కాపీకీ తప్పనిసరిగా ముడిపడి ఉంటుంది. కాపీ నంబరునూ తేదీనీ కలిపి కీగా పెట్టవచ్చు కదా అంటే, పొద్దున ఇచ్చేసిన కాపీ సాయంత్రం మళ్లీ బయటికి వెళ్లే రోజున అది కూడా నిలవదు.

రిజర్వేషన్ సంగతి ఇందుకు భిన్నం. పని పూర్తికాగానే తీసేస్తారు కనుక ఒక సభ్యుడికీ ఒక పుస్తకానికీ ఒక సమయంలో ఒకే రిజర్వేషన్ ఉంటుంది. దానికి డైమండ్ చాలు. వ్యాకరణంలో ఒకే పోలిక ఉన్న రెండు క్రియల్లో ఒకటి ఎంటిటీ అయింది, మరొకటి రిలేషన్‌షిప్‌గానే మిగిలింది. తీర్పు చెప్పింది క్రియ కాదు, ఏది గుర్తుంచుకోవాలన్న అవసరం.

ఈ సూత్రానికి పీటర్ చెన్‌ను సాక్ష్యంగా తెచ్చేవారున్నారు. ఈఆర్ నమూనాను 1976లో ప్రతిపాదించిన ఆయన, ఇంగ్లీషు వాక్యనిర్మాణానికీ ఈఆర్ డయాగ్రామ్‌కూ ఉన్న పోలికల మీద 1983లో ఒక వ్యాసం రాసిన మాట నిజం. కానీ క్రియనుంచి పుట్టిన నామం, రిలేషన్‌షిప్‌నుంచి ఎంటిటీగా మారినదాన్ని సూచించవచ్చని అదే వ్యాసం చెబుతుంది. మన ఇష్యూ సరిగ్గా అలాంటిదే. గైడ్లు నామవాచకం, క్రియల పోలికలు ఉంచుకుని, విద్యార్థికి ఎక్కువగా అక్కరకొచ్చే ఈ పోలికను వదిలేశాయి.

పరీక్షలో సమయం తక్కువ, మొదలుపెట్టడానికి ఏదో ఒక ఆధారం కావాలి కదా అంటారు. ఆ అవసరాన్ని నేను కాదనను. నామవాచకాల జాబితా చిత్తుపని కింద ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ జాబితా నేరుగా డయాగ్రామ్ అయిపోతోంది. దానికి బదులు రెండు ప్రశ్నలు నేర్పాలి. దీన్ని దేనితో విడిగా గుర్తుపడతాం? ఇదే జంట మళ్లీ వస్తే రెండూ ఉంచాలా?

మొదటి ప్రశ్న కాపీని బయటికి తెస్తుంది. కాపీ వీక్ ఎంటిటీయా కాదా అన్న గొడవను కూడా అదే తీరుస్తుంది. పుస్తకం లేకుండా కాపీ ఉండదు కదా అని చాలామంది దానికి రెండు గీతల బాక్స్ గీస్తారు. కానీ గ్రంథాలయం మొత్తంలో ఒక్కటే అయిన యాక్సెషన్ నంబరు ఉన్నప్పుడు అది వీక్ కాదు. పుస్తకంతో దాని సంబంధంలో కాపీ వైపు మాత్రం రెండు గీతలు ఉంటాయి. ఒక్కో పుస్తకం లోపల 1, 2, 3 అని నంబర్లు వేస్తేనే వీక్ అవుతుంది. రెండో ప్రశ్న ఇష్యూనూ రిజర్వేషన్‌నూ విడదీస్తుంది. దానికి కావలసింది పక్కన రాసుకునే రెండు నమూనా వరసలే.

“ఒకేసారి మూడు” అన్నదాన్ని కూడా ఇదే దృష్టితో చూడాలి. సభ్యుడినుంచి ఇష్యూకు వెళ్లే గీత మీద 3 అని రాస్తే, ఆ సభ్యుడు జీవితకాలంలో మూడుసార్లే తీసుకోగలడని అర్థం. పాత ఇష్యూలన్నీ ఉన్నాయి కనుక అక్కడ ఎన్ అని రాసి, తిరిగి రానివి మూడు మించకూడదన్న నియమాన్ని డయాగ్రామ్ కింద వాక్యంగా రాయాలి. అలా రాసినదానికి మార్కులు ఇవ్వాలి.

చివరి మాట మూల్యాంకనం చేసేవారితో. జవాబుల కీలో ఉన్న బాక్సులతో విద్యార్థి బాక్సులను పోల్చి మార్కులు వేసినంతకాలం గీతల సూత్రం బతికే ఉంటుంది. ప్రశ్నకు మరో చిన్న భాగం చేర్చండి. ఒకే సభ్యుడు ఒకే కాపీని రెండోసారి తీసుకుంటే మీ డయాగ్రామ్‌లో ఆ వివరం ఎక్కడ నిలుస్తుందో చూపమని అడగండి. నామవాచకాలు ఏరడం నేర్చినవారు అక్కడ ఆగిపోతారు. డేటా గురించి ఆలోచించడం నేర్చినవారు ఒక వరస రాసి చూపిస్తారు. పరీక్ష కొలవాల్సింది ఆ తేడానే.