సంపాదకుని మాట: వెలిగేదొకటి, అందుకునేదొకటి

మీ ఇంటి టీవీ రిమోట్ ముందున్న చిన్న బల్బును సెల్‌ఫోన్ కెమెరాకు చూపి బటన్ నొక్కండి. కంటికి ఆనని వెలుగు చాలా ఫోన్లలో లేత ఊదారంగులో మెరుస్తుంది. దాన్ని పుట్టించేది గాలియం ఆర్సెనైడ్ జాతి పదార్థం. టీవీలో అందుకునేది సిలికాన్. చవకైన సిలికాన్‌తోనే ఆ బల్బూ చేయొచ్చు కదా అన్న ప్రశ్నతో ఈ సంచిక మొదలవుతుంది.

పై శక్తిపట్టీలోని ఎలక్ట్రాన్ కింది పట్టీలోని ఖాళీలోకి దిగితే, విడుదలైన శక్తి కాంతికణంగా బయటికి రావచ్చు. అయితే శక్తి లెక్కతో పాటు ద్రవ్యవేగం లెక్కా కుదరాలి. కాంతికణం మోయగల ద్రవ్యవేగం దాదాపు సున్నా. గాలియం ఆర్సెనైడ్‌లో పై పట్టీ అడుగు, కింది పట్టీ కొస ఒకే ద్రవ్యవేగం దగ్గర ఉంటాయి. ఎలక్ట్రాన్ నిట్టనిలువునా దిగిపోతుంది, నానోసెకన్ల పని. సిలికాన్‌లో ఆ రెండూ ఎడంగా ఉన్నాయి. ఆ తేడాను స్ఫటికంలోని పరమాణువుల కంపనం భరించాలి. ఎలక్ట్రాన్, ఖాళీ, తగిన కంపనం ఒక్కచోట కలవడం అరుదు, మిల్లీసెకన్లు పట్టవచ్చు. ఆలోగా ఏ మలినమో, స్ఫటికంలోని లోపమో ఎలక్ట్రాన్‌ను పట్టేస్తుంది. శక్తి వేడిగా పోతుంది.

అయినా సిలికాన్ పూర్తిగా చీకటి కాదు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. సోలార్ పలకకు చీకట్లో బయటి నుంచి కరెంటు పంపితే, 1150 నానోమీటర్ల దగ్గర మసక పరారుణ కాంతి వస్తుంది. ప్రత్యేక కెమెరాతో తీస్తే, కంటికి కనపడని పగులు వల్ల కరెంటు అందని భాగం నల్లగా తేలుతుంది.