గద్యం సగం, ప్రశ్నలు పూర్తి

పాఠశాల విద్య, పరీక్షల బాధ్యత చూసే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను చేవెళ్ల మండలంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి తెలుగు చెబుతాను. ఉండేది మొయినాబాద్‌లో. రోజూ పొద్దున మర్రిచెట్ల రోడ్డు మీద బస్సులో పోతూ, ముందురోజు పిల్లలు రాసిన కాగితాలు చూసుకుంటాను. కొన్నాళ్లుగా వాటిలో ఒకే రకం తప్పు కనబడుతోంది. అది పిల్లల తప్పు కాదని తేల్చుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. తేలింది కాబట్టే ఈ ఉత్తరం.

మన తెలుగు ప్రశ్నపత్రం ‘అవగాహన–ప్రతిస్పందన’తో మొదలవుతుంది. ఒక గద్యం ఇస్తాం, చదివి జవాబులు రాయమంటాం. పరీక్ష హాల్లో అది కాగితం మీదే ఉంటుంది, ఇబ్బంది లేదు. కానీ పరీక్ష దాకా పిల్లలు చేసే అభ్యాసం చాలా వరకు ఫోన్‌లోనే నడుస్తోంది. నమూనా పత్రాలు, వర్క్‌షీట్లు పై నుంచి వాట్సాప్‌లో మా గ్రూపుకు వస్తాయి, మా గ్రూపు నుంచి పిల్లల గ్రూపుకు పోతాయి. గద్యం పొడుగైతే ఒక ఫోటోలో పట్టదు. రెండు స్క్రీన్‌షాట్లు అవుతుంది. మొదటి ఫోటోలో గద్యం మొదటి సగం, రెండో ఫోటోలో మిగతా సగం, దాని కిందనే ప్రశ్నలు.

ఇందులో ఏం కొంప మునిగిందని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

తేల్చుకుందామని నేనే ఒక గద్యం రాశాను. పిల్లలకు తెలిసిన విషయమే తీసుకున్నాను: మన జంట జలాశయాలు. నాలుగు పేరాలు. మొదటి పేరా 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద గురించి. రెండోది ఆ వరద తర్వాత జలాశయాలు కట్టిన కథ. మూడోది వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టిన 1996 నాటి 111 నంబరు జీవో. నాలుగోది ఆ ఆంక్షలను తొలగిస్తూ 2022లో వచ్చిన 69 నంబరు జీవో. మొయినాబాద్, చేవెళ్ల పిల్లలకు ఆ నంబర్లు ఇంట్లో భూముల మాటల్లో విన్నవే.

మాకు వచ్చే పత్రాల్లో ఎలా తెగుతుందో సరిగ్గా అలాగే తెంచాను. అంటే ఫోన్ తెర ఎక్కడ అయిపోతే అక్కడ. కోత రెండో పేరా నడుమ పడింది. మొదటి ఫోటో చివరి వాక్యం ఇది: “మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది.” రెండో ఫోటో మొదటి వాక్యం ఇది: “అది పూర్తయిన ఏడేళ్లకు ఈసీ మీద హిమాయత్‌సాగర్ సిద్ధమైంది.”

ఇక ప్రశ్న: హిమాయత్‌సాగర్ ఏ సంవత్సరంలో సిద్ధమైంది?

ఒక పిల్లవాడు రాసిన జవాబు: “ఏడేళ్లకు.”

ఎర్ర పెన్నుతో సున్నా చుట్టబోయి ఆగాను. వాడి ముందున్న ఫోటోలో ఉన్నది అంతే కదా! ‘అది’ అంటే ఏది, ఎప్పుడు పూర్తయింది అన్నవి పై ఫోటోలో ఉండిపోయాయి. ‘అది, ఇది, ఆ, అందుకే, దానివల్ల’ లాంటి మాటలు వెనకటి వాక్యాన్ని పట్టుకుని వేలాడతాయి. సరిగ్గా అలాంటి మాట ముందు కోత పడితే పట్టు తెగుతుంది. పిల్లవాణ్ణి పిలిచి అడిగితే, “మొదటి ఫోటో చూసిన మేడం, గని ప్రశ్నలు దాంట్ల లేవు గదా” అన్నాడు.

ఆ మాటలోనే ఉంది మర్మమంతా. ప్రశ్నలు ఏ ఫోటోలో ఉంటే పిల్లలకు గద్యం అదే. మొదటి ఫోటోను వాళ్లు చదవకుండా వదిలెయ్యరు. ఒకసారి చదివి పక్కన పెడతారు. జవాబు వెతికేటప్పుడు మాత్రం వెనక్కి పోరు, ఎదురుగా ఉన్న సగంలోనే తడుముతారు.

రెండో తప్పు ఇంతకన్నా చిత్రం. “మూడో పేరాలో చెప్పిన జీవో ఏ సంవత్సరంలో వచ్చింది?” అని అడిగాను. జవాబు 1996. తరగతిలో బాగా చదివే అమ్మాయి 2022 అని రాసింది. ఎందుకో రెండో ఫోటో చూస్తే తెలుస్తుంది. తెగిన రెండో పేరా తోక అక్కడ పైన విడిగా, సొంత పేరాలా కనబడుతుంది. దాన్ని ఒకటి అని లెక్కపెడితే 111 జీవో పేరా రెండోది, 69 జీవో పేరా మూడోది అవుతుంది. ఆ అమ్మాయి సరిగ్గానే లెక్కపెట్టింది, సరిగ్గానే చదివింది. లెక్క మొదలుపెట్టిన చోటే వేరు. ప్రశ్న రాసిన నేను కాగితం మీది పేరాలు లెక్కపెట్టాను, పిల్ల ఫోన్‌లోని పేరాలు లెక్కపెట్టింది. ‘పన్నెండో పంక్తిలోని పదానికి అర్థం’ అని అడిగే ప్రశ్నలదీ ఇదే గతి. ఫోటోలో పంక్తి సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

ఇది కోత వల్ల వచ్చిన తప్పా, చదవడం రాక వచ్చిన తప్పా అని ఎలా గుర్తుపట్టాలి? ప్రతి ప్రశ్నకు జవాబు ఏ పేరాలో, ఏ ఫోటోలో ఉందో పక్కన రాసుకుని, తప్పుల్ని దాని ఎదురుగా పెట్టి చూడాలి. తప్పులన్నీ మొదటి ఫోటో ప్రశ్నల దగ్గర, రెండు ఫోటోలూ కలిపి చదవాల్సిన ప్రశ్నల దగ్గర, పేరా లేదా పంక్తి సంఖ్య చెప్పి అడిగిన ప్రశ్నల దగ్గర గుమిగూడితే, రెండో ఫోటోలోని మిగతా ప్రశ్నలకు మాత్రం అందరూ బాగా రాస్తే, అది కోత చేసిన పని. నిజంగా చదవడం రాని పిల్లల తప్పులు అలా ఒకే చోట పేరుకోవు, అన్ని ప్రశ్నల్లోనూ ఉంటాయి.

పక్క సెక్షన్‌కు అదే గద్యం మరోలా ఇచ్చాను. కోతను రెండో పేరా చివరికి జరిపాను. పేరాల ముందు 1 నుంచి 4 దాకా అంకెలు వేశాను. ప్రశ్నల్ని రెండో ఫోటో కింద నుంచి తీసి విడిగా మూడో ఫోటోలో పెట్టాను. ఫోటోల మూలన ‘3లో 1’, ‘3లో 2’, ‘3లో 3’ అని రాశాను. ‘ఏడేళ్లకు’ అన్న జవాబు మళ్లీ రాలేదు, మూడో పేరా జీవోకు 2022 అని ఎవరూ రాయలేదు. తప్పులు అసలే లేవని కాదు. ఒకరు 1920కి ఏడు కలిపి 1928 అన్నారు, ఇంకొకరు ‘అది’ అంటే మూసీ నది అనుకున్నారు. ఇవి నాకు కావలసిన తప్పులు. వీటిని చూస్తే రేపు తరగతిలో ఏం చెప్పాలో తెలుస్తుంది. మొదటి రకం తప్పుల నుంచి నాకు పిల్లల గురించి ఏమీ తెలియలేదు, స్క్రీన్‌షాట్ గురించే తెలిసింది.

“పేరా అంకెలు ఇస్తే జవాబు చేతికిచ్చినట్టే కదా, వెతుక్కోవడం కూడా పరీక్షలో భాగమే” అని స్టాఫ్‌రూమ్‌లో ఒక సారు అన్నారు. మాట న్యాయమైనదే. అందుకే ప్రతి ప్రశ్న పక్కనా పేరా అంకె వెయ్యమని నేను అడగడం లేదు. అంకెలు గద్యానికి ఉంటే చాలు. ప్రశ్నే ‘ఫలానా పేరాలో’ అని అన్నప్పుడు ఆ పేరా ఏదన్న గందరగోళం ఉండకూడదు, అంతే. పిల్లలు విషయాన్ని వెతకాలి గానీ, గద్యాన్నే అతికించుకోవాల్సిన పని పడకూడదు. 2018 పిసా పరీక్షలో రాపా నుయ్ దీవి మీద మూడు వేర్వేరు పాఠ్యాలు కంప్యూటర్ తెర మీద ఇచ్చి ప్రశ్నలు అడిగారు. ప్రశ్నలు కష్టమైనవే. అయినా ఏ పాఠ్యం చూడాలో, మూడూ కలిపి చూడాలో ప్రశ్న పైనే రాసి ఉంటుంది. కష్టం ఆలోచనలో పెట్టారు, తెర తిప్పడంలో పెట్టలేదు.

అసలు ఫోటోలే ఎందుకు వస్తున్నాయో కూడా చెప్పాలి. మన తెలుగు పత్రాలు ఇంకా చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడుతున్నారు. అది యూనికోడ్ కాదు. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే తెలుగు రాదు, పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని ఫోటో తీసి పంపడమే అలవాటైంది. పీడీఎఫ్ పంపితే పేజీల వరుస చెదరదు గానీ, ఏ4 పేజీ చిన్న ఫోన్‌లో చీమల బారులా ఉంటుంది. వేళ్లతో పెద్దది చేసుకుంటే వాక్యం సగం తెర దాటిపోతుంది. ఆ బాధకే టీచర్లు స్క్రీన్‌షాట్లు తీస్తారు. పైగా మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదిస్తుంది. రెండు మూడు చేతులు మారేసరికి ఒత్తులు అలుక్కుపోతాయి, ఒక్కోసారి ఫోటోల వరుసా తారుమారవుతుంది.

తాటాకు గ్రంథం రాసినవాళ్లు ఆకు అంచున సంఖ్య వేసేవారు, ఆకులు చెదరకుండా రంధ్రంలోంచి దారం గుచ్చేవారు. మన ఫోటోకు సంఖ్యా లేదు, దారమూ లేదు.

అందుకని నేను అడిగేవి నాలుగే, వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఒకటి. గద్యం ఉన్న ప్రతి నమూనా పత్రం, వర్క్‌షీట్ యూనికోడ్‌లో కూడా విడుదల చెయ్యండి. అక్షరాలుగా వస్తే ఏ ఫోన్‌లోనైనా తెరకు తగ్గట్టు సర్దుకుంటుంది, కోత అన్న మాటే ఉండదు. చూపులేని పిల్లలకు ఫోన్ దాన్ని చదివి వినిపించగలదు కూడా. ఫోటోలోని తెలుగును మామూలు స్క్రీన్ రీడర్ అలా చదవలేదు.

రెండు. పేజీగానే ఇవ్వాల్సి వస్తే ఏ4తో పాటు ఫోన్ తెర కొలతకు పెద్ద అక్షరాల్లో ఇంకో కూర్పు మీరే చేసి పంపండి. కోత పేరా చివరే పడాలి. తప్పనిసరై పేరా నడుమ పడితే, ముందు ఫోటోలోని చివరి రెండు వాక్యాలు తర్వాతి ఫోటో మొదట్లో మళ్లీ వెయ్యాలి, పైన ‘పేరా 2 కొనసాగింపు’ అని ఉండాలి.

మూడు. పేరాల అంకెలు గద్యం మొత్తానికి ఒకే వరుసలో ఉండాలి. ప్రశ్నలు గద్యంలో ఏ సగానికీ అంటకుండా విడి పేజీలో ఉండాలి.

నాలుగు. పత్రం తయారుచేసేవారు జవాబుల సూచికలో ఒక పట్టిక చేర్చాలి: ప్రశ్న సంఖ్య, జవాబు ఉన్న పేరా, అది పడిన పేజీ. ఈ పట్టిక నింపుతుండగానే ఏ ప్రశ్న కోత మీద కూర్చుందో వాళ్లకే కనబడుతుంది. కోతనో ప్రశ్ననో అప్పుడే జరపవచ్చు.

“ఏడేళ్లకు” అని రాసిన పిల్లవాడికి నేను ఆ రోజు సున్నా వెయ్యలేదు. కాగితం తిరిగి ఇచ్చి, రెండు ఫోటోలూ ప్రింటు తీయించి, ఒకదాని కింద ఒకటి అతికించి ముందు పెట్టాను. వేలితో పైకి పాకి 1920 దగ్గర ఆగాడు. పెదవులు కదిలించి ఏడు కలుపుకున్నాడు. 1927 అని రాసి, “గింతేనా మేడం!” అన్నాడు.

ఇట్లు,
చేవెళ్ల మండలంలో పనిచేసే ఒక తెలుగు ఉపాధ్యాయురాలు
మొయినాబాద్